అపోహలు - వాస్తవాలు: "ఆరు శాతం వాలే కదా!"

రోడ్ల సర్వే, డిజైన్ పనిలో హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాను. కాలనీ సంఘాలతో కూర్చున్నా, లారీ యజమానులతో మాట్లాడినా, ఇంట్లో బంధువులతో మాటల్లో పడినా నాకు పదే పదే ఎదురయ్యే వాక్యం ఒక్కటే: "ఆరు శాతం వాలే కదా, దానికింత హడావిడి ఎందుకు?" పరీక్షలో ఆరు మార్కులు, బ్యాంకులో ఆరు శాతం వడ్డీ తక్కువే కాబట్టి రోడ్డు వాలు కూడా తక్కువే అని అనుకుంటారు. ఈ రంగంలో జనానికి అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ లెక్కే కనుక, ముందు దీన్నే తీసుకుంటాను.

అపోహ: వాలు శాతాన్ని వందతో పోల్చి చూడాలి. వందకు ఆరు అంటే బండికి లెక్కలోనిది కాదు.

వాస్తవం: వాలు శాతం అంటే అడ్డంగా వంద మీటర్లు పోతే నిలువుగా ఎన్ని మీటర్లు ఎక్కామో ఆ సంఖ్య. నిలువు కొలతను అడ్డం కొలతతో భాగించి వందతో గుణిస్తే అది వస్తుంది. అంతవరకు అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, బండి దృష్టిలో ఈ ఆరును పోల్చవలసింది వందతో కాదు, ఒకటితో. చదునైన మంచి తారు రోడ్డు మీద నిదానంగా పోతున్న బండిని చక్రాల దగ్గర వెనక్కి లాగే నిరోధం దాని బరువులో సుమారు ఒక శాతమే ఉంటుంది. గేరు తీసేసిన కారును చదునైన నేల మీద ఒకరిద్దరు నెట్టగలగడానికి కారణం అదే. అదే కారును ఆరు శాతం వాలు మీదికి నెట్టాలంటే, ఆ ఒక శాతానికి మరో ఆరు శాతం కలుస్తుంది. అంటే నెట్టవలసిన బలం ఏడు రెట్లవుతుంది. వాలులో ప్రతి ఒక్క శాతమూ టన్ను బరువుకు పది కిలోల లాగుడును అదనంగా తెస్తుందని గుర్తుంచుకుంటే చాలు, మిగతా లెక్కంతా చేతివేళ్ళ మీద చేయవచ్చు.

మన బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వీధుల్లో రోజూ కనిపించే నీళ్ళ ట్యాంకరునే తీసుకుందాం. నీళ్ళతో కలిపి పది టన్నులు, ఇంజిన్ వంద హార్స్ పవర్ అనుకుందాం. గేర్లలోనూ ఇరుసులోనూ పోయేది పోగా చక్రాలకు అందేది సుమారు 60 కిలోవాట్లు. చదును మీద ఈ ట్యాంకరు అధిగమించవలసిన లాగుడు వంద కిలోలు. ఆరు శాతం ఎక్కుడులో అది ఏడు వందల కిలోలవుతుంది. శక్తి అంతే ఉండి లాగుడు పెరిగితే తగ్గగలిగేది వేగం ఒక్కటే. ఏడు వందల కిలోలంటే సుమారు 6,870 న్యూటన్లు, 60,000 వాట్లను దానితో భాగిస్తే సెకనుకు 8.7 మీటర్లు, అంటే గంటకు 31 కిలోమీటర్లు వస్తుంది. పన్నెండు శాతం ఎక్కుడులో లాగుడు పదమూడు వందల కిలోలకు చేరుతుంది కనుక వేగం గంటకు 17 కిలోమీటర్లకు పడిపోతుంది. అది కూడా డ్రైవరు సరైన గేరులో ఉండి ఇంజిన్ పూర్తి శక్తి ఇస్తున్నప్పటి మాట. ఒక గేరు ఆలస్యమైతే ఇంజిన్ ఆగిపోతుంది, వెనుక స్కూటరు మీద నిలబడ్డవాడి గుండె కూడా ఆగినంత పనవుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మైదాన ప్రాంతపు రహదారులకు మామూలుగా పాటించవలసిన వాలును 3.3 శాతంగా, అంటే ముప్పై మీటర్లకు ఒక మీటరుగా పెట్టడం చాదస్తమేమీ కాదు. బరువు బండి వేగం మరీ పడిపోయి వెనుక బండ్లన్నీ ఆగిపోకుండా చూడడమే దాని ఉద్దేశం.

ఎక్కుడులో ఈ అపోహ చేసే నష్టం మహా అయితే క్లచ్ ప్లేటు, కాస్త డీజిల్. దిగుడులో మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది. "డౌన్‌లో న్యూట్రల్ చేస్తే ఆయిల్ మిగులుతుంది" అనే పుకారును ఎవరు పుట్టించారో గానీ, నాకు దాని మీద ఉన్నంత కోపం మరి దేని మీదా లేదు. ఆరు శాతం దిగుడులో బండిని ముందుకు నెట్టే ఆరు శాతంలో చక్రాల నిరోధం ఒక శాతాన్ని మాత్రమే ఆపుతుంది, మిగిలిన ఐదు శాతాన్ని ఆపవలసింది ఇంజినో బ్రేకులో. న్యూట్రల్‌లో ఇంజిన్ తప్పుకుంటుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారును ఆ వాలులో న్యూట్రల్ చేసి బ్రేకు తొక్కకుండా వదిలితే, రెండు వందల మీటర్ల లోపల, అంటే పదహారు పదిహేడు సెకన్లలో, గాలి నిరోధాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నా వేగం 55 దాటుతుంది. ఘాట్ రోడ్డులో రెండు వందల మీటర్ల లోపల ఒక మలుపు తప్పకుండా ఉంటుంది.

ఇక మిగులుతుందనే ఆయిల్ సంగతి. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో బండి గేరులో ఉండి, యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి వాలు దిగుతుంటే, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి కనుక ఇంధనం సరఫరా దాదాపు పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండడానికి ఇంధనం కాలుతూనే ఉండాలి. పొదుపు అనుకున్నది నిజానికి దుబారా. ఇంజిన్‌నే ఆపేసి దిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. వారి బండిలో బ్రేకుకు సాయపడే వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్ళలో అయిపోతుంది, ఆ తరువాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

కొన్నేళ్ళ క్రితం మా బావమరిది కుటుంబంతో కలిసి శ్రీశైలం బయలుదేరాము. నల్లమల దాటి కృష్ణ లోయలోకి దిగే మలుపుల దగ్గర బండి నడుపుతున్నది అతనే. నాలుగో గేరులోనే ఉంచి, బ్రేకు మీద కాలు తీయకుండా దిగుతున్నాడు. కొంతసేపటికి గోనెసంచి కాలినట్టు వాసన మొదలైంది. "బావా, అడవిలో ఏదో తగలబడుతున్నట్టుంది" అన్నాడు. తగలబడుతున్నది అడవి కాదు, మా కారు బ్రేకు ప్యాడ్లు. పక్కకు ఆపించేసరికి పెడల్ ఎప్పటికంటే లోతుగా దిగిపోతోంది. పిల్లలు వెనుక నిద్రపోతున్నారు. మా చెల్లెలు మాత్రం ముఖం పాలిపోయి, "అన్నయ్యా, బ్రేకులు పోయాయా?" అని అడిగింది. ఇంకా పోలేదు, ఆపకపోతే పోయేవి. ఆమె భయం అతి కాదని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ అదే మాట అంటాను. ఘాట్‌లో కూర్చోగానే భయపడేవాళ్ళను చూసి నవ్వేవాళ్ళకంటే ఆ భయపడేవాళ్ళకే రోడ్డు బాగా అర్థమైందని నా అభిప్రాయం.

జరిగినది ఏమిటో లెక్కలో చూడండి. మనుషులు, సామాను కలిపి కారు ఒకటిన్నర టన్ను. ఆరు శాతం వాలులో ఐదు కిలోమీటర్లు దిగితే నిలువుగా దిగేది మూడు వందల మీటర్లు. అంత ఎత్తు నుంచి అంత బరువు దిగినప్పుడు విడుదలయ్యే శక్తి, పదమూడు లీటర్ల చల్లటి నీళ్ళను మరిగే దాకా కాచడానికి సరిపోతుంది. చక్రాల నిరోధమూ గాలీ అందులో కొంత మింగుతాయి, మిగిలినదంతా వేడిగా బ్రేకుల్లోకే పోతుంది, అందులోనూ ఎక్కువ భాగం ముందు చక్రాల డిస్కుల్లోకి. వేడెక్కిన ప్యాడ్లు డిస్కును పట్టుకోలేవు. ఇంకా వేడెక్కితే, ఏళ్ళ తరబడి మార్చక తేమ పీల్చుకున్న బ్రేకు ఆయిల్ మరిగి గొట్టాల్లో ఆవిరి చేరుతుంది. అప్పుడు పెడల్ స్పాంజిలా మెత్తగా దిగిపోతుంది, బండి ఆగదు. వాసన మొదటి హెచ్చరిక, పెడల్ లోతు పెరగడం రెండవది. మూడవది వచ్చేదాకా చూడవద్దు.

మందు పాతదే: ఏ గేరులో ఎక్కగలరో ఆ గేరులోనే దిగాలి. వాలు మొదలుకాక ముందే రెండో గేరుకో మూడో గేరుకో మారితే ఆ వేడిలో చాలా భాగాన్ని ఇంజిన్ తీసుకుంటుంది. బ్రేకును ఒకే పట్టుగా నొక్కి ఉంచకుండా, వేగం పెరిగినప్పుడు గట్టిగా నొక్కి తగ్గించి, వదిలివేయాలి. వాసన వస్తే సురక్షితమైన చోట ఆపి కనీసం అరగంట చల్లారనివ్వాలి. ఎర్రగా కాగిన డిస్కు మీద నీళ్ళు పోస్తే అది వంకరపోతుంది లేదా పగులుతుంది. మేము ఆ రోజు ముప్పావుగంట కూర్చుని, పులిహోర పొట్లాలు విప్పి తిని, రెండో గేరులో మిగతా దారి దిగాము.

మిగతా అపోహలు దీనికంటే చిన్నవి.

శాతం అంటే డిగ్రీలు కాదు. నూరు శాతం వాలు అంటే నలభై ఐదు డిగ్రీలు, నిట్టనిలువు గోడ కాదు. పది శాతం అంటే 5.7 డిగ్రీలు మాత్రమే. ఫోనులోని యాప్ 7 అని చూపితే అది డిగ్రీలో శాతమో చూసుకోండి, ఏడు డిగ్రీలంటే పన్నెండు శాతం పైమాటే.

అడ్డం కొలతకు బదులు రోడ్డు వెంబడే టేపు పట్టి కొలిస్తే లెక్కంతా తప్పుతుందని కొత్త సర్వేయర్లు కంగారు పడతారు. పది శాతం వాలులో కూడా వంద మీటర్లకు వచ్చే తేడా అర మీటరే. వీధి వాలుకు ఆ తేడాను పట్టించుకోనవసరం లేదు.

సగటు వాలు చూసి తృప్తి పడడం మాత్రం అంత చిన్న తప్పు కాదు. నగరంలోనే ఒక కొండవాటు కాలనీలో, ట్యాంకరు ప్రతిసారీ ఒకేచోట ఆగి వెనక్కి జారుతోందని నన్ను పిలిచారు. 150 మీటర్లకు 9 మీటర్ల ఎత్తు, కాబట్టి ఆరు శాతమేనని, తప్పంతా డ్రైవరుదేనని సంఘం పెద్దలు తేల్చేశారు. లెవెల్ పెట్టి చూస్తే మొదటి వంద మీటర్లలో ఎక్కింది మూడు మీటర్లే, చివరి యాభై మీటర్లలో ఆరు. అంటే మూడు శాతం తరువాత ఒక్కసారిగా పన్నెండు శాతం. ఆ మూడు శాతం మీద మూడో గేరులో హాయిగా వచ్చిన డ్రైవరు, పన్నెండు శాతం మొదలైన చోట గేరు మార్చేలోగా వేగం కోల్పోతున్నాడు. ఆ మొదలు దగ్గరికి రాకముందే రెండో గేరుకు దిగమని అతనికి చెప్పాము. ట్యాంకరు ఎక్కేటప్పుడు వెనుక ఎవరూ బండి ఆపకూడదని కాలనీవాళ్ళకు చెప్పాము.

మీ వీధి వాలును ఇలాగే ముక్కలుగా కొలవడానికి యంత్రం అక్కర్లేదు. రెండు మీటర్ల నిటారైన అల్యూమినియం పట్టీ, మేస్త్రీ దగ్గరి రసమట్టం చాలు. పట్టీ ఎగువ చివరను రోడ్డుకు ఆనించి, బుడగ మధ్యకు వచ్చేదాకా దిగువ చివరను పైకెత్తి, ఆ చివర కింద ఖాళీని సెంటీమీటర్లలో కొలవండి. అందులో సగమే వాలు శాతం. పదహారు సెంటీమీటర్లు వస్తే ఎనిమిది శాతం, ఇరవై నాలుగు వస్తే పన్నెండు. పది అడుగులకోసారి ఇలా కొలుస్తూ పోతే బండి ఎక్కడ ఇబ్బంది పడుతుందో కనిపిస్తుంది.