కుంకుమ పువ్వు: నీళ్లలో రంగు వదిలితే అసలుదేనా?

అపోహ: నీళ్లలో వేయగానే చిక్కటి రంగు దిగితే అది అసలైన కుంకుమ పువ్వు.

వాస్తవం: వేసిన వెంటనే ఎర్రగా రంగు కారిందంటేనే అనుమానించాలి. తెల్ల కప్పులో పావు కప్పు గోరువెచ్చని నీళ్లు పోసి, నాలుగైదు రేకలు వేసి, పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచండి. అసలు రేక నుంచి బంగారు పసుపు మెల్లగా దిగుతుంది, రేక మాత్రం ఎర్రగానే ఉంటుంది. రంగు అద్దిన పీచు అయితే త్వరగా వెలిసిపోతుంది.

తర్వాత నానిన రేకను గోటితో విప్పి చూడండి. ఒక చివర సన్నగా మొదలై రెండో చివర బాకాలా విచ్చుకుని, అంచు పళ్లుపళ్లుగా ఉండాలి. కల్తీకి వాడే మొక్కజొన్న పీచు పొడవునా ఒకే మందంలో ఉంటుంది. కుసుమ పువ్వు సన్నని గొట్టంలా ఉండి, చివర ఐదు చీలికలుగా విడిపోతుంది. రేకలు వేళ్ల మధ్య పెళుసుగా విరగాలి. కాగితం మీద నొక్కితే జిడ్డు మరక పడిందా, బరువు కోసం నూనె లాంటిదేదో పూశారేమో అనుకోవాలి.

ఈ పరీక్షకూ హద్దుంది. ఎర్ర రేక కింద ఉండే పసుపు తోకకే ఎర్ర రంగు వేసినా, అసలు రేకలకే కృత్రిమ రంగు పట్టించినా ఇంట్లో తేల్చడం కష్టం, అది ల్యాబు పని.

అపోహ: మోంగ్రా అని రాసి ఉంటే మేలురకమే.

వాస్తవం: ఆ పేరు రేకను ఎక్కడ కత్తిరించారన్న దాన్ని బట్టి వచ్చింది. తోక తీసేసిన ఎర్ర భాగం మోంగ్రా, తోకతో ఉన్నది లచ్ఛా. తోకలో రంగు దాదాపు ఉండదు, దాని బరువుకూ మీరే డబ్బు కడతారు. అయితే పాతబడి వాసన పోయిన మోంగ్రా కంటే తాజా లచ్ఛాయే నయం. ఐఎస్ఓ 3632 అనే అంతర్జాతీయ ప్రమాణం ఈ కత్తిరింపుతో ఆగదు, రంగు, చేదు, వాసనల బలాన్ని కొలిచి మూడు తరగతులు చేస్తుంది. ప్యాకెట్ మీద తరగతితో పాటు పువ్వు కోసిన సంవత్సరం కూడా చూడండి.

అపోహ: పాలలోనో టీలోనో నాలుగు రేకలు వేస్తే దిగులు పోతుంది, ఒళ్లు తెల్లబడుతుంది.

వాస్తవం: ఎండిన రేక ఒక్కోటి సుమారు 2 మిల్లీగ్రాములు, అంటే నాలుగు రేకలు 8. స్వల్ప, మధ్యస్థ కుంగుబాటు మీద చేసిన చిన్న పరిశోధనల్లో ఎక్కువగా రోజుకు 30 మిల్లీగ్రాములు, అదీ ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇచ్చారు. పైగా చాలావాటిలో వాడింది సారం, రేకలు కాదు. కాబట్టి కప్పు పాలతో మందు పని ఆశించకండి, వాడుతున్న మందులూ మానకండి. చర్మం రంగు సంగతంటారా, తాగేవారికైనా, కడుపులోని బిడ్డకైనా దీంతో మారదు. గర్భిణులు వంటలో వాడేంత వరకే ఉంచుకుని, మందు మోతాదుల జోలికి పోకూడదు.

నాలుగు రేకలు ఇచ్చేది రంగు, సువాసన, కాస్త చేదు. అవైనా పూర్తిగా దక్కాలంటే రేకల్ని నేరుగా మరిగే పాలలో వేయకండి. దీని రంగు నీళ్లలో బాగా కరుగుతుంది, ఎక్కువసేపు మరిగిస్తే వాసన ఆవిరైపోతుంది. చిటికెడు పంచదారతో నూరి, రెండు చెంచాల వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, పొయ్యి మీంచి దించాక పాలలో కలపండి.