ఎలుక జ్వరం సూక్ష్మజీవి ఎలా కదులుతుంది: అపోహలు - వాస్తవాలు

కోనసీమలో ఊడ్పులు మొదలైతే మా ల్యాబ్‌కి జ్వరం శాంపిళ్లు పెరుగుతాయి. వాటిలో లెప్టోస్పైరా, అంటే ఎలుక జ్వరం తెచ్చే మెలికల బ్యాక్టీరియా ఉందేమోనని వెతుకుతుంటాం.

అపోహ: దీనికి కశాభాలు, అంటే ఈదడానికి వాడే కొరడా లాంటి పోగులు లేవు, పాములా ఒళ్లు మెలితిప్పుకుంటూ పోతుంది.

కశాభాలు ఉన్నాయి, బయటికి కనిపించవు. రెండు కొసల దగ్గర ఒక్కొక్కటి, బయటి పొరకీ లోపలి కణ గోడకీ మధ్య సందులో పడుకుని ఉంటాయి. కశాభం మొదట్లో ఉన్న మోటారు దాన్ని ఆ సందులోనే తిప్పుతుంది. అది ఒక వైపు తిరిగితే ఒళ్లు ఎదురు వైపు తిరగక తప్పదు. ముందు కొస సుడిలా, వెనక కొస కొక్కెంలా వంగుతుంది. వెనక్కి వెళ్లాలంటే ఒళ్లు తిప్పుకోనక్కర్లేదు, కొసల ఆకారాలు తారుమారైతే చాలు. రెండు కొసలూ ఒకేలా ఉంటే మాత్రం అక్కడక్కడే గిరగిరా తిరుగుతుంది. కశాభాలు తయారు కాని రకాల్లో ఒంటి మెలికలు అలాగే ఉంటాయి, కొసలు తిన్నగా అయిపోతాయి, కదలిక పోతుంది. మెలిక ఒక్కటే చాలదన్నమాట.

అపోహ: చిక్కదనం పెరిగితే ఏ బ్యాక్టీరియా అయినా నెమ్మదిస్తుంది.

మన కాలవల్లో గుర్రపు డెక్క అల్లుకుంటే మోటారు పడవ ఫ్యాను చిక్కుకుపోతుంది కదా. బయట కశాభాలున్న బ్యాక్టీరియాకి వల లాంటి జిగురులో ఎదురయ్యే ఇబ్బంది అలాంటిదే. లెప్టోస్పైరాకి ఫ్యాను పడవ లోపలే ఉంది, తిరిగేది పడవే! పల్చటి నీళ్లలో ఆ మెలిక జారిపోతుంది, ఒక చుట్టు తిరిగినా దూరం కొంచెమే. పొడవాటి దారాల అణువులున్న జిగురులో అయితే మెలికకి పట్టు దొరుకుతుంది, చెక్కలో స్క్రూలాగా. మిథైల్ సెల్యులోజ్ అనే అలాంటి జిగురు కలిపిన ద్రావణంలో ఇది ఇంకా వేగంగా పోతుందని 1970ల్లోనే చూశారు. 1979లో బెర్గ్, టర్నర్ అనే శాస్త్రవేత్తలు ఇచ్చిన వివరణ ఇదే: ఉత్త చిక్కదనం కాదు, ఆ వల అల్లిక ముఖ్యం. చర్మం కింద, కణజాలాల మధ్య ఉండే పదార్థమూ అలాంటి అల్లికే. అలాగని గట్టి చర్మాన్ని తొలుచుకుని రాదు. బురదలో ఒరిసిన వేళ్ల సందులు, గీరుకున్న చోట్లు, కళ్లూ నోటి పొరలూ దాని దారులు.

అపోహ: నల్లటి నేపథ్యంలో మెరిసేలా చూపించే డార్క్ ఫీల్డ్ మైక్రోస్కోపులో కదిలే దారం కనిపిస్తే లెప్టోస్పైరానే.

ఈ పొరపాటు నేనూ చేశాను. ఒక కౌలు రైతు రక్తంలో సన్నటి దారాలు వణుకుతుంటే పాజిటివ్ అని రాయబోయాను. మా సీనియర్ మేడం "ఐదు నిమిషాలు ఒక్కదాన్నే చూడు" అన్నారు. చూస్తే అవి ఉన్నచోటే ఊగుతున్నాయి, స్లైడు మీద ద్రవం పారితే అన్నీ కలిసి అటే పోతున్నాయి. రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ఫైబ్రిన్ పోగులు! అసలైనదైతే తన ఇరుసు చుట్టూ తిరుగుతుంది, కొసలు వంగుతాయి, పక్కవాటితో సంబంధం లేకుండా ముందుకీ వెనక్కీ పోతుంది. ఇంకో సంగతి, ఒక మిల్లీలీటరులో సుమారు 10,000 ఉంటేగానీ మైక్రోస్కోపులో ఒకసారికి కనిపించే మేరలో ఒకటి దొరకదు. అందుకే స్లైడు ఖాళీగా ఉందని జ్వరాన్ని కొట్టిపారేయం. మొదటి వారమైతే రక్తాన్ని, సూక్ష్మజీవి జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్‌కి, ఆ తర్వాతైతే యాంటీబాడీ పరీక్షకి పంపిస్తాం.