ఇరవై అక్షరాల చిరునామాకు ఎన్ని ఇళ్లు?

GAGTCCGAGCAGAAGAAGAA. మనిషి రెండో క్రోమోజోమ్‌పై ఉన్న EMX1 అనే జన్యువు దగ్గరికి డీఎన్‌ఏను కోసే కాస్9 ఎంజైమును తీసుకువెళ్లే గైడ్ ఆర్‌ఎన్‌ఏలో, లక్ష్యాన్ని గుర్తించే ఇరవై అక్షరాలు ఇవి. ఆర్‌ఎన్‌ఏలో T బదులు U ఉంటుంది గాని, పరిశోధకులు కంప్యూటర్‌లో ఇలాగే రాసుకుంటారు. కాస్9, గైడ్‌లతో జన్యువులను మార్చే క్రిస్పర్ పద్ధతి మానవ కణాల్లో పనిచేస్తుందని చూపిన 2013 నాటి తొలి ప్రయోగాల కాలం నుంచి ఎన్నో ప్రయోగశాలలు ఈ వరుసను పరీక్షించాయి కనుక, దాని గుణదోషాలు మిగిలిన గైడ్‌లకంటే మనకు బాగా తెలుసు. గైడ్ ఎంపికకు చెప్పే మామూలు నియమాలన్నిటిలోనూ నెగ్గి, ఆ తరువాత తనకు సంబంధం లేని క్రోమోజోమ్‌లను కూడా కోసిన గైడ్ ఇది. నాకౌట్ ప్రయోగానికి కొత్తగా గైడ్ తయారుచేసుకునేవారు ముందు దీని చరిత్ర చూడడం మంచిది.

నాకౌట్ అంటే ఒక జన్యువు నుంచి పనిచేసే ప్రోటీన్ రాకుండా చేయడం. కాస్9 తన గైడ్‌తో సరిపోయే ఇరవై అక్షరాలను వెతుకుతుంది గాని, వాటి వెంటనే NGG అనే మూడక్షరాల గుర్తు, అంటే ఏదో ఒక అక్షరం తరువాత రెండు G లు, ఉంటే తప్ప సాధారణంగా కోయదు. ఈ గుర్తునే పామ్ అంటారు. పామ్‌కు మూడక్షరాల ముందు డీఎన్‌ఏ రెండు పోగులూ తెగుతాయి. కణం ఆ తెగిన కొసలను హడావిడిగా అతికించుకునేటప్పుడు ఒకటి రెండు అక్షరాలు పోవడమో, కొత్తవి చేరడమో జరుగుతుంది. ఆ తేడా మూడుతో భాగించబడకపోతే, అక్కడినుంచి జన్యువు చదివే వరస చెదిరి, కొద్ది దూరంలోనే అకాల విరామ సంకేతం ఎదురవుతుంది. మూడుతో భాగించబడే మార్పులు వస్తే మాత్రం ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మారినా ప్రోటీన్ పనిచేస్తూనే ఉండవచ్చు. అందుకే కోత ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. ఆ జన్యువు నుంచి వచ్చే ట్రాన్‌స్క్రిప్టులు, అంటే ఆర్‌ఎన్‌ఏ నకళ్లు, అన్నిటికీ ఉమ్మడిగా ఉండే, ముందు వరుసలోని ఎక్సాన్, అంటే ప్రోటీన్‌కు సంకేతమిచ్చే భాగం, మేలు. కాని ప్రోటీన్ చదవడం మొదలయ్యే మొదటి ATG కి మరీ ఆనుకుని కోస్తే, కణం ఇంకొంచెం ముందుకు వెళ్లి మరో ATG దగ్గర చదవడం మొదలుపెట్టి, కొస తెగిన ప్రోటీన్‌ను తయారుచేసే అవకాశం ఉంటుంది. చివరి ఎక్సాన్‌లో కోస్తే చెడిన సందేశాన్ని నాశనం చేసే కణ యంత్రాంగం సాధారణంగా దాన్ని పట్టుకోదు.

చోటు ఖాయమైన తరువాత అక్షరాల లెక్క వస్తుంది. మన గైడ్‌లో ఏడు G లు, మూడు C లు ఉన్నాయి, అంటే సరిగ్గా 50 శాతం. 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే మంచిదనే అలవాటు నియమానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు. వరుసగా నాలుగు T లు ఉంటే, U6 అనే ప్రమోటర్, అంటే చదవడం మొదలుపెట్టించే డీఎన్‌ఏ ముక్క, నడిపే గైడ్ తయారీ అక్కడితో ఆగిపోతుంది. ఇందులో అలాంటి చోటు లేదు. ఆ ప్రమోటర్ G తో మొదలయ్యే వరుసను ఇష్టపడుతుంది. ఇది G తోనే మొదలవుతుంది. కాగితం మీద దీనికి వంక పెట్టడం కష్టం.

అయితే చివరి పది అక్షరాలను ఒక్కసారి పైకి చదవండి: AGAAGAAGAA. మూడక్షరాల ముక్క పదేపదే తిరుగుతోంది. ఇలాంటి పునరావృత ముక్కలు మానవ జన్యురాశిలో లెక్కలేనన్ని చోట్ల ఉన్నాయి. పైగా పామ్‌కు ఆనుకుని ఉన్న ఈ పది పన్నెండు అక్షరాలే కాస్9 అత్యంత జాగ్రత్తగా చూసే భాగం. దీన్ని సీడ్ అంటారు. కాస్9 ముందు పామ్‌ను పట్టుకుని, అక్కడినుంచి డీఎన్‌ఏ పోగులను విప్పుకుంటూ, ఒక్కొక్క అక్షరాన్నీ గైడ్‌తో జతచేస్తూ దూరపు కొస వైపు వెళుతుంది. మొదట్లోనే తేడా వస్తే జత విడిపోతుంది, పోగులు మళ్లీ మూసుకుంటాయి. సీడ్ మొత్తం సరిపోయాక దూరపు కొసలో ఒకటి రెండు అక్షరాలు కుదరకపోయినా, అప్పటికే ఏర్పడిన బంధం బలం మీద ఎంజైము ముందుకు సాగి కోసేస్తుంది. చిరునామాలో ఇంటి నంబరు సరిచూసి, ఊరి పేరు తప్పున్నా తలుపు తట్టే మనిషిలా అనుకోవచ్చు. మన గైడ్‌కు ఆ ఇంటి నంబరే ఊరూరా ఉంది.

ఇక్కడ కంప్యూటర్ వెతుకులాట అవసరమవుతుంది. Cas-OFFinder వంటి ఉచిత ప్రోగ్రాములు మొత్తం జన్యురాశిని చదివి, గైడ్‌కు దగ్గరగా ఉన్న వరుసలన్నిటినీ చూపిస్తాయి. దానికి ఇచ్చే ఫైల్ మూడు పంక్తులే.

```
/genomes/hg38
NNNNNNNNNNNNNNNNNNNNNRG
GAGTCCGAGCAGAAGAAGAANNN 4
```

మొదటి పంక్తి hg38 అనే ప్రామాణిక మానవ జన్యురాశి ఉన్న ఫోల్డర్, చివరి అంకె ఎన్ని అక్షరాల తేడా వరకు వెతకాలో చెబుతుంది. చాలామంది చేసే పొరపాటు రెండో పంక్తిలో ఉంటుంది. పామ్ NGG కదా అని చివర GG రాసేస్తారు. ఇక్కడ RG అని రాశాం. R అంటే A గాని G గాని. అది ఎందుకో కింది మూడు వరుసలు చూస్తే తెలుస్తుంది.

```
chr2   GAGTCCGAGCAGAAGAAGAA GGG
chr5   GAGTTAGAGCAGAAGAAGAA AGG
chr15  GAGTCTAAGCAGAAGAAGAA GAG
```

మొదటిది మన లక్ష్యం. ఐదో క్రోమోజోమ్‌పై ఉన్న వరుసలో ఐదు, ఆరు స్థానాల అక్షరాలు మాత్రమే వేరు. సీడ్ అంతా ఒక్కటే, పామ్ కూడా పద్ధతిగా AGG. ఇక్కడ కాస్9 నిజంగానే కోస్తుందని ఒకటికంటే ఎక్కువ ప్రయోగశాలలు చూపించాయి. పదిహేనో క్రోమోజోమ్ వరుసలో ఆరు, ఏడు స్థానాలు మారాయి, పామ్ మాత్రం GAG. NGG తో మాత్రమే వెతికినవారికి ఈ వరుస జాబితాలోనే కనిపించదు, కాని కణంలో అక్కడ కోత పడింది. కాస్9 కు NAG రకం పామ్ అంతగా నచ్చదు. మిగతా వరుస బాగా కుదిరితే మాత్రం సర్దుకుంటుంది.

జాబితాలో ఉన్నంత మాత్రాన కోత పడుతుందని కాదు. నాలుగు తేడాల వరకు వెతికితే వందలాది చోట్లు రావచ్చు. వాటిలో చాలావాటిని ఎంజైము ముట్టుకోనే ముట్టుకోదు. తేడాల సంఖ్య, అవి ఉన్న స్థానం, ఏ అక్షరానికి బదులు ఏది వచ్చింది అన్న లెక్కలతో స్కోరు ఇచ్చే పద్ధతులున్నాయి. ఆ స్కోరు చోట్లను వరుసలో పెట్టడానికి పనికొస్తుంది గాని తీర్పు కాదని నా అభిప్రాయం. డీఎన్‌ఏ ఒక అక్షరం మేర ఉబ్బి గైడ్‌తో జత కుదుర్చుకునే చోట్లు మామూలు వెతుకులాటలో రావు. మనం వాడే కణాల్లో, ప్రామాణిక జన్యురాశిలో లేని ఒక్క అక్షరం మార్పు వల్ల కొత్త పామ్ పుట్టి ఉంటే అదీ తెలియదు.

కణాన్నే అడిగే పద్ధతుల్లో 2015 లో వచ్చిన GUIDE-seq ఒకటి. కాస్9, గైడ్‌లతో పాటు కణంలోకి 34 అక్షరాల జంట పోగుల చిన్న డీఎన్‌ఏ ముక్కను పంపిస్తారు. ఎక్కడ రెండు పోగులూ తెగితే, అతుకు వేసేటప్పుడు ఆ ముక్క అక్కడ ఇరుక్కుంటుంది. తరువాత ఆ ముక్కనే గుర్తుగా పట్టుకుని, దానికి అటూ ఇటూ ఉన్న వరుసలను చదివితే కోతలు ఎక్కడ పడ్డాయో తెలుస్తుంది. పైన చూపిన రెండు తప్పు చోట్లూ ఈ పద్ధతిలోనూ బయటపడ్డాయి. అయితే ఆ ముక్కను తట్టుకోలేని కణాలలో ఈ పద్ధతి సరిగా పనిచేయదు, చాలా అరుదుగా పడే కోతలు దీనికి చిక్కవు.

అనుమానాస్పదమైన చోట్లు చేతిలోకి వచ్చాక, ఒక్కొక్క చోటు చుట్టూ సుమారు 200 అక్షరాల ముక్కకు పీసీఆర్‌తో ప్రతులు పెంచి, వేల సార్లు చదివి చూడాలి. ఉదాహరణకు ఐదో క్రోమోజోమ్ చోటును 20,000 సార్లు చదివితే, వాటిలో 60 సార్లు అక్షరాలు పోయినట్టు కనిపించిందనుకుందాం. అది 0.3 శాతం. ఈ అంకె ఒంటరిగా ఏమీ చెప్పదు. కాస్9 ఇవ్వని అవే కణాల నుంచి తీసిన నమూనాను అదే రోజు అదే విధంగా చదివినప్పుడు 10 మార్పులు, అంటే 0.05 శాతం వస్తే, మొదటిదానిలో నిజమైన కోత ఉందని చెప్పవచ్చు. రెండోదానిలోనూ 55 వస్తే అది యంత్రం చదవడంలో చేసిన తప్పు మాత్రమే. సాధారణ సీక్వెన్సింగ్‌లో సుమారు 0.1 శాతం కంటే కింది మార్పులు ఈ తప్పుల రొదలో కలిసిపోతాయి. మార్పులు ఎక్కడ ఉన్నాయో కూడా చూడాలి: అవి పామ్‌కు మూడక్షరాల ముందు గుమిగూడితే అది కాస్9 పని, వరుసంతా చెదురుమదురుగా ఉంటే కాదు.

పోలిక నమూనా ఎంత ముఖ్యమో చెప్పే ఒక సంఘటన ఉంది. 2017 లో ఒక పత్రం, క్రిస్పర్‌తో సరిచేసిన రెండు ఎలుకల్లో ఊహించని మార్పులు వందల సంఖ్యలో ఉన్నాయని ప్రకటించింది. పోల్చిన ఎలుక ఒక్కటే. అది వాటి తల్లిదండ్రుల్లో ఒకటి కాదు. ఎలుకకూ ఎలుకకూ సహజంగా ఉండే తేడాలే కాస్9 ఖాతాలో పడ్డాయని విమర్శలు వచ్చాయి, 2018 లో ఆ పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు.

నాకౌట్ చేసేవారికి చివరి ప్రశ్న వేరు. వారు చూడాలనుకునేది ఆ జన్యువు లేకపోతే కణం ఏమవుతుందన్నది. కణాల గుంపును కాక, ఒక్క కణం నుంచి పెంచిన క్లోన్‌ను వాడుతుంటే, గుంపులో 0.3 శాతం ఉన్న తప్పు ఆ క్లోన్‌లో ఉండే అవకాశం తక్కువ. కాని ఉంటే మాత్రం దాని ప్రతి కణంలోనూ ఉంటుంది. అందువల్ల ఎంచుకున్న ప్రతి క్లోన్‌లోనూ జాబితాలోని పై చోట్లను విడిగా చదవాలి. దీనికంటే గట్టి రుజువు ఏమిటంటే, అదే జన్యువులో మరో చోటును కోసే రెండో గైడ్‌తోనూ ప్రయోగం చేయడం. రెండు గైడ్‌ల తప్పు చోట్లు కలవకపోతే, రెండింటిలోనూ ఒకే ఫలితం కనిపించినప్పుడు దానికి ఉమ్మడి కారణం ఆ జన్యువే అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

మరో పరీక్ష, తీసేసిన జన్యువును తిరిగి కణంలోకి పంపి లక్షణం సరవుతుందేమో చూడడం. ఇక్కడ ఒక చిన్న విషయం మరిచిపోయి వారాలు పోగొట్టుకునేవారు ఉన్నారు. కణంలో కాస్9, గైడ్ ఇంకా తయారవుతూనే ఉంటే, కొత్తగా పంపిన జన్యువులోనూ అవే ఇరవై అక్షరాలు కనిపించి దాన్నీ కోసేస్తాయి. లక్షణం సరికాలేదని, తప్పు గైడ్‌దేనని పొరబడతాం. తిరిగి పంపే ప్రతిలో పామ్‌లోని ఒక G ని, ప్రోటీన్ మారకుండా చూసుకుంటూ, T గానో C గానో మార్చాలి. A గా మారిస్తే NAG మిగిలిపోయి మళ్లీ కోత పడే ప్రమాదం ఉంటుంది. పామ్‌లో అలా మార్చడానికి వీలు లేకపోతే సీడ్‌లో రెండు మూడు అక్షరాలను మార్చుకోవాలి.