అరిసె నూనెలో ఎందుకు విచ్చిపోయింది?

"వీడియోలో చెప్పినట్టే పాకం 8 నిమిషాలు ఉడికించి, ప్యాకెట్ బియ్యప్పిండి కలిపాను. నూనెలో వేయగానే అరిసె చుట్టూ నురగ పొంగి, చిల్లులు పడి విచ్చిపోయింది. మా అత్తయ్య దిష్టి తగిలిందన్నారు" అని ఒకావిడ రాశారు. దిష్టి కాదండీ. ఆ 8 నిమిషాలు, ఆ ప్యాకెట్ పిండి, రెండూ కలిసి చేసిన పని ఇది.

బెల్లం నీళ్లు మరిగేకొద్దీ నీరు ఆవిరై, పాకం చిక్కబడి, అది మరిగే వేడి కూడా పెరుగుతూ పోతుంది. 115 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి అందులో నీరు సుమారు 15 శాతమే మిగులుతుంది. అరిసెలకు కావలసింది ఆ పాకమే. అక్కడికి చేరడానికి ఎంతసేపు పడుతుందో మీరు పోసిన నీళ్లు, గిన్నె వెడల్పు, మంట తేలుస్తాయి. అందుకే గడియారాన్ని నమ్మకండి. పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి పాకం చుక్క వేయండి. వేళ్లతో దగ్గరకు తీస్తే మెత్తటి ఉండ కావాలి. నీళ్లలో కరిగి జారిపోతే ఇంకా లేతగా ఉన్నట్టే.

అసలు కిటుకు పిండిలో ఉంది. అరిసెను పట్టి ఉంచేది బియ్యంలోని పిండి పదార్థం. దాని రేణువులు వేడికి నీరు తాగి ఉబ్బితేనే జిగురొస్తుంది. కానీ ముదురు పాకంలో ఉన్న ఆ కాస్త నీటినీ చక్కెర గట్టిగా పట్టుకుని ఉంటుంది, రేణువులకు దక్కనివ్వదు. మరి నీరెక్కడిది? బియ్యం లోపలిదే! రాత్రంతా నానిన బియ్యం బరువులో పావు వంతుకు పైగా నీరే ఉంటుంది. వాడ్చి, బట్ట మీద కాసేపు ఆరబెట్టి, తడి ఉండగానే మర పట్టించమని పెద్దవాళ్లు పట్టుబట్టేది అందుకే. పాకం వేడి తగలగానే రేణువులు తమ వెంట తెచ్చుకున్న నీటితోనే ఉబ్బడం మొదలుపెడతాయి.

ప్యాకెట్ పిండిలో ఆ తడి లేదు. ముదురు పాకం పోస్తే పొడిపొడిగా రాలుతుంది, లేత పాకం పోస్తే చేతికి సరిగ్గానే కుదిరినట్టు అనిపిస్తుంది. మీ పిండి అలాగే మోసం చేసింది. నూనెలో పడగానే పాకంలో ఎక్కువైన నీరు ఒక్కసారిగా ఆవిరై పొంగింది, జిగురు చాలని పిండి ఆ తోపుకు ఆగలేకపోయింది.

ఈసారి కిలో బియ్యానికి 750 గ్రాముల బెల్లం తీసుకోండి. పిండిని జల్లించి, ఆరిపోకుండా మూత పెట్టి ఉంచండి. గుప్పిట్లో నొక్కితే ముద్ద నిలవాలి. పాకం దించి, అందులో పిండిని కొద్దికొద్దిగా పోస్తూ ఉండ కట్టకుండా కలపండి. పిండి మొత్తం పట్టకపోవచ్చు, చలిమిడి మెత్తగా ఉండగానే ఆపేయండి. ముందు రూపాయి బిళ్లంత అరిసె ఒకటి వేసి చూడండి. అది విచ్చుకుంటే, పక్కన ఉంచిన తడిపిండి గుప్పెడు కలిపి ఇంకొకటి వేయండి. అది నిలిచాక మిగతావి ఒత్తుకోవచ్చు.