పన్నెండు రోజుల ఆకలి తర్వాత మొదటి గ్లాసు పాలు

"పన్నెండు దినాలసంది ఏం తింటలేడు మేడమ్. మీరేమో ఇంత కొంచెం రాసిన్రు. బువ్వ పెట్టకుంటె బలం ఎట్లొస్తది?"

మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన కొడుకు అడిగే ప్రశ్న ఇది. నల్గొండ వైపు నుంచి వచ్చినా ఇదే అడుగుతారు. డైటీషియన్‌గా నాకు దీనికి సమాధానం చెప్పడం ఎప్పుడూ కష్టమే, ఎందుకంటే ఆయన మాటలో తప్పేమీ లేదు. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టాలన్నది మనకు పుట్టుకతో వచ్చిన బుద్ధి. అయితే చాలా రోజులు పస్తులున్న ఒంటికి ఒక్కసారిగా తిండి పడితే, ఆ తిండే గుండెను ఆపగలదు. దీన్ని వైద్యంలో రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో నాజీ శిబిరాల నుంచి విడుదలైన ఖైదీల్లో కొందరు సైనికులిచ్చిన, కొవ్వు ఎక్కువున్న డబ్బా తిండి తిని చనిపోయారు. అప్పట్లో చాలామందికి కారణం అంతుపట్టలేదు.

కారణం చెప్పడానికి మన కాలువలే చాలు. పొలాలకు మడవలు మూసి ఉన్నంతసేపు కాలువలో నీళ్లు నిండుగానే కనిపిస్తాయి, పక్కన పొలం నెర్రెలు బారినా సరే. మడవ తీయగానే నీళ్లన్నీ ఆ నెర్రెల్లోకి ఇంకి, కాలువ అడుగంటుతుంది. పస్తులున్నప్పుడు ఒంట్లో కణాలు ఆ పొలాల్లాంటివి. లోపల ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం తరిగిపోయి ఉంటాయి. రక్తం మాత్రం కాలువ లాగా బాగానే కనిపిస్తుంది. తిండి, ముఖ్యంగా పిండిపదార్థం లేదా గ్లూకోజు పడగానే ఇన్సులిన్ వచ్చి మడవ తీస్తుంది. గ్లూకోజు కణంలోకి వెళ్లి వాడకానికి రావాలంటే దానికి ఫాస్ఫేట్ అతకాలి. దాని నుంచి శక్తి తయారై నిల్వ ఉండే ఏటీపీకీ ఫాస్ఫేటే కావాలి. పొటాషియం, మెగ్నీషియం కూడా లోపలికి పోతాయి. ఒకటి రెండు రోజుల్లో రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ఊపిరి కండరాలు నీరసిస్తాయి. పొటాషియం తగ్గితే గుండె లయ తప్పుతుంది.

ఇక థయమిన్, అంటే బి1 విటమిన్. గ్లూకోజును శక్తిగా మార్చే దారిలో ఒక ముఖ్యమైన మెట్టు అది లేకుండా దాటలేం. నిల్వలు కొన్ని వారాలకే చాలతాయి. కల్లు, సారా అలవాటున్నవాళ్లలో అవి ముందే ఖాళీగా ఉంటాయి. అలాంటి మనిషికి గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయి, తికమక పడటం, కనుగుడ్లు సరిగా కదలకపోవడం, నడక తూలడం మొదలవుతాయి. మా ప్రాంతంలో దీన్ని గుర్తించడం మరీ కష్టం, ఎందుకంటే కల్తీ కల్లు తాగేవాళ్లు కల్లు మానేసినా ఇలాగే తికమక పడతారు, మూర్ఛలూ వస్తాయి. వార్డులో "కల్లు దొరక్క ఇట్ల జేస్తుండు" అని తేల్చేయడం సులువు. అలా తేల్చేముందు థయమిన్ ఇచ్చామా లేదా అని ఒకసారి చూసుకోవాలి.

ఇప్పుడు ఒక మనిషిని తీసుకుందాం. చాలామందిలో చూసిన సంగతులు కలిపి చేసిన మనిషి. వయసు 50 దాటింది. బతుకుదెరువుకు ముంబై పోయి, దగ్గుతో, జ్వరంతో ఊరికి తిరిగొచ్చాడు. క్షయ అని కొత్తగా తేలింది. ఎత్తు 162 సెంటీమీటర్లు, బరువు 38 కిలోలు. ఐదు నెలల కింద 48 కిలోలుండేవాడని భార్య చెప్పింది. పన్నెండు రోజులుగా రెండు గుక్కల అంబలి, సాయంత్రం కల్లు తప్ప ఏమీ లేదు.

రీఫీడింగ్ ప్రమాదం ఎవరికి ఎక్కువో తేల్చడానికి, 2006లో బ్రిటన్‌లో నైస్ అనే వైద్య మార్గదర్శకాల సంస్థ ఇచ్చిన ప్రమాణాలనే మేం ఎక్కువగా వాడతాం. బీఎంఐ 16 కంటే తక్కువ, మూడు నుంచి ఆరు నెలల్లో 15 శాతానికి మించి బరువు తగ్గడం, పది రోజులకు మించి దాదాపు తిండి లేకపోవడం, తిండి మొదలుపెట్టకముందే పొటాషియం, ఫాస్ఫేట్ లేదా మెగ్నీషియం తక్కువ ఉండటం. వీటిలో ఒక్కటున్నా ప్రమాదం ఎక్కువే. కొంచెం తేలికైన హద్దులు ఇంకో వరుసలో ఉన్నాయి, వాటిలో రెండు ఉండాలి. మద్యం అలవాటు ఆ వరుసలోనే వస్తుంది. మన మనిషి బీఎంఐ 14.5. బరువు 21 శాతం తగ్గింది. పొటాషియం 3.2, మెగ్నీషియం 1.6, రెండూ తక్కువే. ఫాస్ఫేట్ మాత్రం 2.8. మామూలుగా 2.5 నుంచి 4.5 మధ్య ఉండాలి కాబట్టి ల్యాబ్ కాగితం మీద దానికి గుర్తేమీ ఉండదు. రిపోర్టును పైపైన చూసేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

రోగి గురించి నేను రోజూ రాసే నోట్‌లో ఇంకొక సంగతి ఉండాలి, దాన్ని ఎవరూ తమంతట తాము చెప్పరు. అడగాలి. "ఊర్లె డాక్టర్‌కు చూపించిన్రా? బాటిల్ ఎక్కించిండా?" ఎక్కించాడట, రెండు రోజుల్లో మూడు. ఐదు శాతం గ్లూకోజున్న అర లీటరు బాటిల్‌లో 25 గ్రాముల గ్లూకోజు, అంటే 85 కేలరీలు ఉంటాయి. మూడింటికి 255. మనం మొదటి రోజుకు అనుకుంటున్నది ఒంటి బరువులో కిలోకు 10 కేలరీల చొప్పున 380. అంటే తిండి మొదలైంది మా వార్డులో కాదు, ఊళ్లోనే, అదీ థయమిన్ లేకుండా. పల్లెల్లో గ్లూకోజు బాటిల్‌ను మందు అనుకుంటారు గానీ తిండి అనుకోరు. ఆస్పత్రిలోనూ కొందరు అలాగే అనుకుంటారు. అందుకే నేను కేలరీల లెక్కలో బాటిళ్లను కూడా కలిపి రాస్తాను.

మొదటి రోజు నోట్ సుమారుగా ఇలా ఉంటుంది: "రీఫీడింగ్ ప్రమాదం ఎక్కువ. గత 48 గంటల్లో గ్లూకోజు బాటిళ్లు 3. గ్లూకోజు డ్రిప్ ఆపమని డాక్టర్‌ను కోరాను. థయమిన్ నరం ద్వారా రాత్రి 8:10కి ఇచ్చారు. మొదటి పాలు 9:00కి. ఈసీజీ తీశారు. పాదాల వాపు లేదు."

థయమిన్ పక్కన సమయం రాయడం చాదస్తంలా అనిపించవచ్చు. కానీ రక్తంలో థయమిన్ పరీక్ష మామూలు ల్యాబుల్లో దొరకదు, పంపినా జవాబు వచ్చేసరికి అవసరం దాటిపోతుంది. ఫాస్ఫేట్, పొటాషియాలను అంకెతో కనిపెడతాం. థయమిన్‌ను కనిపెట్టేది గడియారంతోనే: మొదటి కేలరీ కంటే ముందు వెళ్లిందా? ఆ తర్వాత రోజూ చూపు, నడక, మాట చూసి ఒక ముక్క రాయాలి. తాగుడు అలవాటున్నవాళ్లకు పేగుల్లో థయమిన్ సరిగా ఇంకదు, అందుకని మాత్ర కంటే నరం ద్వారా ఇవ్వడమే నయం.

380 కేలరీలంటే ఏమిటి? నూరు మిల్లీలీటర్ల టోన్డ్ పాలు నాలుగు సార్లు, 240. చక్కెర లేకుండా 35 గ్రాముల రాగిపిండి జావ, సుమారు 115. మొత్తం 355, హద్దుకు కాస్త లోపలే. అంతే. పాలతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. వాటిలో ఫాస్ఫరస్ బాగా ఉంటుంది, పిండిపదార్థం మరీ ఎక్కువ కాదు. బంధువులు తెచ్చే గ్లూకోజు పొడి, పండ్ల రసం దీనికి సరిగ్గా ఉల్టా. బీఎంఐ 14 కంటే తక్కువైనా, పదిహేను రోజులకు మించి తిండి లేకపోయినా కిలోకు 5 కేలరీలతోనే మొదలుపెట్టి, గుండె లయను మానిటర్‌పై చూస్తుండాలి. మన మనిషి ఆ గీతకు కొంచెం ఇవతల ఉన్నాడు.

పొటాషియం, మెగ్నీషియం అదే రాత్రి ఇవ్వడం మొదలైంది, మూత్రపిండాల పరీక్ష చూసుకున్నాకే. ఈ రెండింటినీ విడిగా చూడకూడదు. మెగ్నీషియం తక్కువుంటే మూత్రపిండాలు పొటాషియాన్ని పట్టి ఉంచలేవు, ఎంత పోసినా బయటికి పోతుంది. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చిట్లితే పొటాషియం, ఫాస్ఫేట్ రెండూ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. ఉన్నట్టుండి అంకె బాగైతే సంతోషించేముందు మళ్లీ ఒక శాంపిల్ పంపాలి.

ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు మొదటి మూడు రోజులు పన్నెండు గంటలకోసారి పరీక్ష చేయాలని 2020లో అమెరికా పోషణ నిపుణుల సంఘం ఆస్పెన్ చెప్పింది. సోమవారం రాత్రి తిండి మొదలైంది. మంగళవారం పొద్దున ఫాస్ఫేట్ 2.6. సాయంత్రం శాంపిల్ వెళ్లింది గానీ రిపోర్టు రాలేదు. బుధవారం పొద్దున మనిషి లేచి కూర్చున్నాడు, ఆకలి అన్నాడు. ప్లాన్ ప్రకారం కిలోకు 15 చొప్పున 570కి పెంచేశాం. మధ్యాహ్నానికి చేతికొచ్చిన మంగళవారం సాయంత్రపు అంకె 2.1. మొదటి విలువ నుంచి 25 శాతం తక్కువ. బుధవారం సాయంత్రానికి 1.6, అంటే 43 శాతం. ఆస్పెన్ లెక్కలో పది శాతం తగ్గినా అది రీఫీడింగే. ముప్పై దాటితే తీవ్రం.

అప్పుడు మంచం దగ్గర ఏం కనిపించింది? పాదాలు నొక్కితే సొట్ట పడింది. ఊపిరి నిమిషానికి 26. బరువు 39.2. రెండు రోజుల్లో 1.2 కిలోలు పెరిగిందని కొడుకు సంబరపడ్డాడు. అది కండ కాదు, నీళ్లు. ఇన్సులిన్ పెరిగితే మూత్రపిండాలు ఉప్పును, నీటిని పట్టి ఉంచుతాయి. ఇలాంటి రోజుల్లో త్వరగా పెరిగే బరువు శుభవార్త కాదు.

కేలరీలు సగానికి, 285కి తగ్గించాం. ఫాస్ఫేట్ నరం ద్వారా, నెమ్మదిగా ఇచ్చారు. తొందరపడితే కాల్షియం పడిపోతుంది. తగ్గించడానికి ఆధారం ఉంది. 2015లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల్లో తిండి మొదలైన మూడు రోజుల్లో ఫాస్ఫేట్ సుమారు 2 కంటే దిగువకు పడినవాళ్లపై ఒక పరీక్ష జరిగింది. కేలరీలు తగ్గించి ఇచ్చిన వాళ్లలో రెండు నెలల తర్వాత బతికున్నవాళ్లు ఎక్కువ. ఐసీయూ రోగుల సంగతి మన వార్డు రోగులకు పూర్తిగా వర్తించదనుకోండి. నిజానికి కిలోకు 10 అన్న అంకె కూడా పెద్ద ప్రయోగాల నుంచి కాక, ఎక్కువగా నిపుణుల అనుభవం నుంచి వచ్చింది. దాన్ని పట్టుకుని వారమంతా అక్కడే ఉంచితే అదీ పస్తే. అలా మర్చిపోయిన కేసులూ ఉంటాయి.

శుక్రవారం ఫాస్ఫేట్ 2.4కు ఎక్కింది. మళ్లీ 380. ఆదివారం 760, మంగళవారం 1140, అంటే కిలోకు 30. ఈసారి ప్రతి పెంపు ముందు నోట్‌లో ఒక వరుస చేర్చాను: "గత 12 గంటల ఫాస్ఫేట్ రిపోర్టు కళ్లతో చూశాను." రిపోర్టు రాకపోతే ఆ పూట పెంపు లేదు, రోగి ఎంత హుషారుగా ఉన్నా సరే.

తొమ్మిదో రోజు ఆయన పెరుగుతో జొన్న గటక తిన్నాడు. కొడుకు తూకం దగ్గర నిలబడి మొహం చిన్నబుచ్చుకున్నాడు. "మొన్న ముప్పై తొమ్మిది దాటె గద మేడమ్, మల్ల దిగిందేంది?" నోట్‌లో నేను రాసింది ఇది: "బరువు 37.9. పాదాల వాపు లేదు. ఊపిరి 18. చూపు, నడక బాగున్నాయి."