అరవై దాటినవారికి 0.8 గ్రాముల ప్రొటీన్ చాలా? ఈ గొడవ వెనకున్న కథ

రోజూ నడుస్తూ, చిన్నపాటి బరువులు ఎత్తే పెద్దవాళ్లకు ప్రొటీన్ ఎంత కావాలన్న వాదన మళ్లీ రాజుకుంది. ఒంటి బరువులో కిలోకు 0.8 గ్రాములు చాలని ఒక పక్షం అంటుంది. 1.0 నుంచి 1.2 గ్రాములైనా ఉండాలని ఇంకో పక్షం. 65 కిలోల మనిషికి మొదటి లెక్కలో రోజుకు 52 గ్రాములు, రెండో లెక్క పై అంచులో 78 గ్రాములు. మధ్యలో ఉన్న 26 గ్రాములంటే నాలుగు గుడ్లకు కాస్త ఎక్కువ.

ఈ గొడవ అర్థం కావాలంటే 2001కి వెళ్లాలి. ఆ ఏడాది వేన్ క్యాంప్‌బెల్ బృందం ఒక చిన్న అధ్యయనం ప్రచురించింది. 55 నుంచి 77 ఏళ్ల వయసున్న ఆరోగ్యవంతులు పదిమందికి 14 వారాలపాటు సరిగ్గా 0.8 గ్రాముల లెక్కన భోజనం పెట్టారు. బరువు తగ్గకుండా కేలరీలు చూసుకున్నారు. ప్రొటీన్ విరిగినప్పుడు అందులోని నైట్రోజన్ మూత్రంలో బయటికి పోతుంది; వారాలు గడిచేకొద్దీ వాళ్లలో అలా పోయేది తగ్గుతూ వచ్చింది. శరీరం కొత్త భోజనానికి సర్దుకుందని దానికి అర్థం చెప్పుకోవచ్చు. అయితే తొడ మధ్యభాగాన్ని స్కాన్ చేసి చూస్తే అక్కడ కండరం తగ్గి ఉంది. బరువు అంతే ఉంది, కండ మాత్రం పోయింది.

పదిమందితో ఏం తేలుతుంది అనేవాళ్లున్నారు. ఆ మాట నిజమే. కానీ ఆ అధ్యయనం వేలు పెట్టి చూపింది కొలిచే పద్ధతిని. 0.8 అనే అంకె నైట్రోజన్ సమతూకం నుంచి పుట్టింది: తిన్న నైట్రోజన్, బయటికి పోయిన నైట్రోజన్ సమానమైతే ప్రొటీన్ సరిపోయినట్టే. ఆ సమతూకం కండను కాపాడుకుని వచ్చిందా, కండను వదులుకుని వచ్చిందా అన్నది ఆ లెక్కలో కనిపించదు. పైగా అందులో వాడిన కొలతలు ఎక్కువగా యువకులవి.

వయసుతో మారేదేమిటో తర్వాతి పరిశోధనల్లో బయటపడింది. ఒక పూటలో తిన్న ప్రొటీన్‌కు ముసలి కండరం మందకొడిగా స్పందిస్తుంది. కండ నిర్మాణం పూర్తి వేగం అందుకోవాలంటే యువకులకు పూటకు కిలోకు 0.24 గ్రాములు సరిపోతుండగా, పెద్దవయసు మగవాళ్లకు దాదాపు 0.40 కావాల్సి వస్తోందని 2015లో ఒక విశ్లేషణ లెక్కగట్టింది. మన 65 కిలోల మనిషికి అది పూటకు 26 గ్రాములు. ఆయన పొద్దున 8, మధ్యాహ్నం 14, రాత్రి 30 గ్రాములు తింటున్నాడనుకుందాం. మొత్తం 52. పాత లెక్క ప్రకారం ఏ లోటూ లేదు, కానీ మూడు పూటల్లో రెండు ఆ గీత దాటనే లేదు. పొద్దున రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు అదనంగా చేరితే ఆ పూట 28కి వస్తుంది, రోజు మొత్తం 72 అవుతుంది. 2013లో ప్రాట్-ఏజ్ అనే నిపుణుల బృందం వృద్ధులకు రోజుకు కిలోకు 1.0 నుంచి 1.2 గ్రాములు సూచించింది. 72 ఆ పరిధిలోనే పడుతుంది.

0.8 పక్షం చేతిలో ఉన్న గట్టి ఆధారం 2018 నాటిది. కదలికలో కొంత ఇబ్బంది ఉన్న 65 దాటిన మగవాళ్లకు ఆరునెలలపాటు 0.8 లేదా 1.3 గ్రాముల భోజనం ఇస్తే కండలో తేడా రాలేదు. అది జాగ్రత్తగా చేసిన పరీక్షే, కొట్టిపారేయలేం. కానీ అందులో బరువులెత్తే శిక్షణ లేదు. పని చెప్పని కండకు ప్రొటీన్ పెంచితే పెద్దగా ఒరగదన్నది అంతకుముందే తెలిసిన సంగతి: 1994లో వృద్ధాశ్రమవాసులపై జరిగిన పరీక్షలో బరువుల వ్యాయామం బలాన్ని బాగా పెంచింది, పోషక పానీయం ఒక్కటే ఇస్తే ఫలితం కనిపించలేదు.

నడక సంగతి కొంచెం వేరు. అది కండను పెద్దగా పెంచదు, కానీ మానేస్తే నష్టం త్వరగా తెలుస్తుంది. 2013లో ఒక అధ్యయనంలో పెద్దవయసువాళ్లు రెండు వారాలపాటు అడుగులు బాగా తగ్గించుకుంటే, తిన్న తర్వాత జరిగే కండ నిర్మాణం సుమారు పావు వంతు పడిపోయింది, కాళ్ల కండ కూడా తగ్గింది. జ్వరమొచ్చి పది రోజులు మంచం పట్టినవాళ్లు ఆకలి లేదని ప్రొటీన్ కూడా తగ్గిస్తే రెండు దెబ్బలు ఒకేసారి పడతాయి.

కండ పోతోందేమో తెలుసుకోవడానికి బరువు తూచే యంత్రాన్ని నమ్ముకోకూడదు. చేతులు ఛాతీకి ఆనించుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవాలి. 15 సెకన్లు దాటితే కాళ్ల బలం తగ్గిందేమోనని అనుమానించాలి. ఎత్తే బరువు నెలల తరబడి అదే ఉండి, చివరి ఎత్తుకి కూడా అలుపు రాకపోతే కండకు కొత్త పనేమీ అందడం లేదు.

ప్రాట్-ఏజ్ సిఫారసుకు ఒక మినహాయింపు ఉంది. డయాలసిస్ మొదలుకాని తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ప్రొటీన్ పెంచడం కాదు, తగ్గించాల్సి రావచ్చు. వాళ్లు పైన చెప్పిన రెండు గుడ్లు, గ్లాసు పాలు కలుపుకునే ముందే రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో డాక్టరుకు చూపించాలి.