పంక్తి విరిగిన చోట ఏం జరుగుతుంది: ఎన్‌జాంబ్‌మెంట్ కథ

ముందు ఈ వాక్యం చదవండి. "నాన్న ఇక రాడన్న మాట నేను నమ్మాననుకున్నారు అందరూ." కొంచెం పొడుగ్గా ఉందేమో గానీ తికమక ఏమీ లేదు, చివరిదాకా ఒక్క ఊపులో చదివేస్తాం. ఇప్పుడు అవే మాటలు, అదే వరసలో, మూడు పంక్తులుగా:

నాన్న ఇక రాడు
అన్న మాట నేను నమ్మాను
అనుకున్నారు అందరూ

మొదటి పంక్తి చివరికి వచ్చేసరికి నాన్న రాడన్నది తేలిపోయిన విషయం. రెండో పంక్తిలో అడుగు పెట్టగానే అది విషయం కాస్తా ఎవరో అన్న మాటగా మారిపోయింది, సరే, కానీ చెప్తున్న మనిషి దాన్ని నమ్మాడు కదా అనుకుంటాం. మూడో పంక్తి వచ్చి ఆ నమ్మకాన్ని కూడా పీకేసింది. నమ్మాడని అనుకున్నది అందరూ, అతను నిజంగా నమ్మాడో లేదో మనకి ఎవరూ చెప్పలేదు. మూడు పంక్తుల్లో రెండుసార్లు మనం అనుకున్నది వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. వచనంగా చదివినప్పుడు ఇందులో ఏదీ జరగలేదు.

వాక్యం ఒక పంక్తిలో పూర్తవకుండా, ఏ విరామచిహ్నమూ లేకుండా, తర్వాతి పంక్తిలోకి సాగిపోవడాన్ని ఎన్‌జాంబ్‌మెంట్ అంటారు. ఫ్రెంచి నుంచి వచ్చిన పేరు. ఆ భాషలో జాంబ్ అంటే కాలు, ఆంజాంబే అంటే ఒక అంగ వేసి దాటడం. పంక్తి చివరున్న గట్టుని వాక్యం దాటి అవతలికి పోతుందన్నమాట. దీనికి ఎదురు, పంక్తితో పాటే అర్థమూ ఆగే పద్ధతి. సామెతలాంటి పద్యాలు చాలావరకు అలా ఉంటాయి, పంక్తికో మాట చెప్పి ఊరుకుంటాయి.

ఈ దాటడం మీద ఒకప్పుడు పెద్ద గొడవలే జరిగాయి. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి విమర్శకుడు బొవాలో, 1674లో రాసిన కావ్యశాస్త్రంలో, మలెర్బ్ అనే కవి వచ్చాక పంక్తి మీదుగా పంక్తి దాటే ధైర్యం ఇంకెవరికీ లేకుండా పోయిందని మెచ్చుకున్నాడు. అంటే అది తప్పు కింద లెక్క. ఇంగ్లండులో దాదాపు అదే రోజుల్లో కవి మిల్టన్ సరిగ్గా తిరగేసి, అర్థాన్ని ఒక పంక్తి నుంచి ఇంకో పంక్తిలోకి రకరకాలుగా సాగదీయడంలోనే అసలైన ఆనందం ఉందని తన కావ్యానికి ముందుమాటలో రాసుకున్నాడు. 1830 ఫిబ్రవరి 25న పారిస్‌లో విక్టర్ హ్యూగో నాటకం ఎర్నానీ మొదలైనప్పుడైతే మొదటి రెండు పంక్తుల దగ్గరే హాల్లో గొడవ రేగిందని, అక్కడే ఉన్న కవి గోతియే తర్వాత రాశాడు. కారణం ఒక్క విశేషణం. తలుపు చప్పుడు విని ముసలావిడ "అప్పుడే వచ్చేశాడా? అవును, ఆ మెట్ల దగ్గరే" అంటుంది, పంక్తి అయిపోతుంది. "రహస్యపు" అన్న మాట తర్వాతి పంక్తి మొదట్లో పడింది. ఫ్రెంచిలో అక్కడ విశేషణం నామవాచకం వెనక రావడం మామూలే కాబట్టి వాక్యం తప్పు కాదు, కానీ ఆ రెండింటి మధ్య పంక్తి విరగడం పాతకాలపు రసికులకి ఒళ్ళు మండించింది. తెలుగులో "రహస్యపు మెట్లు" అనే అంటాం, విశేషణం ముందే వచ్చేస్తుంది, కాబట్టి ఆ దెబ్బని ఉన్నదున్నట్టు తెలుగులోకి తేలేం. నాకు ఇందులో ఆసక్తిగా అనిపించేది అదే. పంక్తిని ఎక్కడ విరిస్తే ఏం జరుగుతుందన్నది ఆ భాష మాటల్ని ఏ వరసలో పేరుస్తుందన్న దాని మీద ఆధారపడుతుంది.

ఇది ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే మనం చదివే తీరు కొంచెం చూడాలి. వాక్యం మొత్తం పూర్తయ్యాక తీరిగ్గా అర్థం చేసుకుందామని మనసు ఆగదు. ఒక్కో మాట కంట పడగానే అప్పటిదాకా వచ్చిన దాంతో కలిపి ఏదో ఒక అర్థం కట్టేస్తుంది, తర్వాత తేడా వస్తే సర్దుకుంటుంది. 1980లో జస్ట్, కార్పెంటర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చదివేవాళ్ళ కంటి కదలికల్ని కొలిచి ఈ సంగతి గట్టిగా చెప్పారు. వాళ్ళు గమనించిన ఇంకో విషయం, వాక్యం చివరి మాట దగ్గర కన్ను కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది, అంతవరకు పోగేసిన లెక్కని అక్కడ ముడి వేసుకుంటాం కాబట్టి. కవితలో పంక్తి చివర ఖాళీ కనిపిస్తే, ఆ పంక్తి వినడానికి పూర్తి వాక్యంలా కూడా ఉంటే, అలాంటి ముడే పడుతుంది. తర్వాతి పంక్తి దాన్ని విప్పుతుంది. విప్పినా మొదటి అర్థం పూర్తిగా చెరిగిపోదు, "నాన్న ఇక రాడు" అన్న మాట ఒకసారి మనసులో పడింది కదా.

తెలుగుకి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. మనకి వాక్యాన్ని తేల్చే ముక్కలన్నీ చివర్లో ఉంటాయి. క్రియ చివర, అవునా కాదా అన్నది చివర, ప్రశ్నా కాదా అన్నదీ చాలాసార్లు చివర. అన్నిటికంటే ముఖ్యంగా "అని", "అన్న", "అనుకున్నా", "అట" లాంటివి చెప్పిన మాట తర్వాత వస్తాయి. ఇంగ్లీషులో "అతను చెప్పాడు" అని ముందే హెచ్చరించి ఆ తర్వాత మాట చెప్పడం మామూలు. మనం మాటంతా నిజమన్నట్టు చెప్పేసి, చివర్లో అది ఎవరిదో బయటపెడతాం. సరిగ్గా "అన్న"కి ముందు పంక్తి విరిచామంటే పాఠకుడి చేతిలో ఒక పూర్తి వాక్యం పెట్టి లాక్కున్నట్టే.

ఇంకో చిన్న సంగతి ఉంది, పైపైన చూస్తే కనపడదు. వచనంలో "రాడన్న" అని రాశాను, కవితలో "రాడు", "అన్న" అని విడిపోయాయి. మాటలు మార్చలేదు గానీ సంధి విడిపోయింది. ఆ "డ" మీద ఉకారం పోయి "న్న" కలిసినప్పుడు, మాట పూర్తికాకముందే ఇది ఎవరో అన్న సంగతి అని చెవికి తెలిసిపోతుంది. ఉకారం తిరిగి రావడంతో "రాడు" అన్నది క్రియ ముగిసిన చోటులా, పూర్తి విరామంలా వినిపిస్తుంది. కాబట్టి తెలుగులో పంక్తి విరుపు చేసే పనిలో సగం ఈ సంధి విడిపోవడమే చేస్తుందని నేననుకుంటాను. ఒకసారి "నాన్న ఇక రా / డన్న మాట" అని విరిచి చూడండి. వాక్యం అక్కడ కూడా గట్టు దాటింది, కానీ ఎవరూ మోసపోరు.

అలా విరవడం మనకి కొత్తేమీ కాదు కూడా. పోతన గజేంద్రమోక్షంలోని "ఎవ్వనిచే జనించు" పద్యం చాలామందికి నోటికి వచ్చు. మూడో పాదం "సర్వము దానయైన వా" దగ్గర ఆగుతుంది, నాలుగోది "డెవ్వడు" అని మొదలవుతుంది. "వాడు" అన్న మాటే రెండు ముక్కలైంది. అంతకుముందు "మూలకారణం / బెవ్వడు" కూడా అంతే. ఇది ఉత్పలమాల, పాదానికి 20 అక్షరాలు, ప్రతి పాదంలో రెండో అక్షరం ప్రాస, ఇక్కడ "వ్వ". ఇరవయ్యో అక్షరం ఎక్కడ పడితే పాదం అక్కడ ముగుస్తుంది, మాట మధ్యలో పడినా సరే. సంధి చెక్కుచెదరకుండా ఉండటంతో పాడేవాళ్ళు కూడా అక్కడ అర్థానికి ఆగరు. అంటే పద్యంలో గట్టు ఎక్కడుండాలో ఛందస్సు చెప్తుంది, వాక్యం దాని మీంచి తన దారిన తాను పారుతుంది. వచన కవితలో గణాలు లేవు, ప్రాస లేదు, కాబట్టి పంక్తి ఎక్కడ ఆగాలన్నది పూర్తిగా రాసేవాళ్ళ ఇష్టం. ఇష్టప్రకారం ఆపినప్పుడు "ఇక్కడే ఎందుకు?" అని పాఠకుడు అడుగుతాడు, అడగాలి కూడా.

పైన చూసింది పూర్తయినట్టు నటించే పంక్తి. ఇంకో రకం, పూర్తి కాలేదని బాహాటంగా చెప్పేది:

రాత్రంతా దీపం వెలుగుతూనే ఉన్న
గదిలో ఎవరూ

"ఉన్న" దగ్గర వాక్యం ఆగలేదని అందరికీ తెలుసు, దాని వెనక ఏదో ఒక పేరు రావాలి. ఇక్కడ మోసం లేదు, లాగుడు ఉంది. "ఎవరూ" దగ్గర ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఆ మాట వినగానే లేరు, రారు, నిద్రపోలేదు లాంటి కాదనే క్రియ ఏదో వస్తుందని ముందే తెలుసు, ఏది వస్తుందో మాత్రం తెలీదు. "లేరు" అని పెడితే ఖాళీ గది, "నిద్రపోలేదు" అని పెడితే మనుషులున్న గది. ఆ కాసేపు రెండు గదులూ మన ముందు ఉంటాయి.

ఇది పనిచేయకుండా తేలిపోయేది ఎక్కడంటే, ఈ ట్రిక్కు తెలిసినవాళ్ళు దాన్ని ప్రతిచోటా వాడేస్తారు. "లేదు" అన్న మాటని ఒంటరిగా ఒక పంక్తిలో వదిలేయడం అందులో మొదటిది. ఒక కవితలో ఒకసారి అయితే పర్వాలేదు, మూడోసారికి "కోపం" దగ్గర పంక్తి ఆగగానే కింద "లేదు" ఉంటుందని కన్ను ముందే పోల్చేస్తుంది, ఇక ఆశ్చర్యం ఎక్కడిది? ఇంకొందరు పంక్తికి ఒక్కో మాట పెట్టుకుంటూ పోతారు. అలా చేస్తే ఏ పంక్తిలోనూ ముడి వేసుకోవడానికి సరిపడా సరుకు ఉండదు, దాంతో విప్పడానికీ ఏమీ ఉండదు, కాగితం మాత్రం నిండుతుంది. ఒక విరుపు పనిచేస్తోందో లేదో చూడటానికి నేను చేసే పరీక్ష తేలికైనదే. ఆ రెండు పంక్తుల్నీ సంధులతో సహా కలిపేసి వచనంలా రాసి చదవడం. ఏమీ పోలేదనిపిస్తే ఆ విరుపు అక్కడ ఊరికే కూర్చుందని అర్థం.

పైకి చదివేటప్పుడు ఏం చేయాలన్న దాని మీద చదివేవాళ్ళలోనే ఏకాభిప్రాయం లేదు. పంక్తి చివర ఆగకుండా వాక్యం ప్రకారం చదివేయాలని కొందరు అంటారు, అప్పుడు విరుపు వినేవాళ్ళకి అందదు. పూర్తిగా ఆగాలని ఇంకొందరు అంటారు. అప్పుడు "రాడు" దగ్గర స్వరం కిందికి దిగిపోయి వాక్యం చచ్చిపోతుంది, తర్వాత వచ్చే "అన్న" ఎవరో కొత్త మనిషిని పిలిచినట్టు వినిపిస్తుంది (నిజంగానే, తెలుగులో ఆ ప్రమాదం ఉంది). నా మటుకు నేను కాలం ఆపి, స్వరం ఆపను. అంటే "రాడు" దగ్గర ఒక క్షణం నిలిచి, గొంతు కిందికి దించకుండా పట్టుకుని "అన్న మాట"లోకి దిగడం.

ఇక ఫోన్‌లో చదివేవాళ్ళకి ఒక జాగ్రత్త. పొడవైన పంక్తి తెర వెడల్పుకి సరిపోకపోతే మిగిలిన ముక్క తనంతట తనే కింద వరసలో పడుతుంది. అది కవి విరిచిన పంక్తి కాదు, అయినా కంటికి అచ్చం అలాగే కనిపిస్తుంది. అచ్చు పుస్తకాల్లో ఇలా మిగిలిన ముక్కని లోపలికి జరిపి వేసే పద్ధతి ఉంది, దాంతో తేడా తెలుస్తుంది. ఫోన్‌లో ఆ సౌకర్యం లేనప్పుడు తెరని అడ్డంగా తిప్పి చూడండి. విరుపు కదిలిందంటే అది తెరది, కదలకుండా ఉంటే కవిది.